విషయం: హాల్లో స్లాబు పెచ్చులు ఊడిపడటం – బిల్డింగ్ ఇన్సూరెన్స్ కాపీ కోసం

విజయవాడ,
ఆగస్టు 19

అంకుల్ గారికి నమస్కారం.

ఆదివారం రాత్రి 11 గంటలకు మా హాల్లో స్లాబు పెచ్చులు మంచమంత మేర ఊడిపడ్డాయి. టీవీ పగిలింది, కుట్టుమిషన్ బల్ల విరిగింది. పాప అప్పుడే లేచి అమ్మ దగ్గరికి వెళ్లింది కాబట్టి సరిపోయింది. తన దిండు మీద అరచేతంత సిమెంటు ముక్క ఉంది. ఆ టెన్షన్ ఇంకా పోలేదు. పైన తుప్పు పట్టిన ఊచలు కనిపిస్తున్నాయి. జూన్‌లో చెమ్మ మరక ఫొటో మీకు వాట్సాప్‌లో పంపాను.

బిల్డింగ్‌కు ఇన్సూరెన్స్ ఉందని అద్దెకు దిగేటప్పుడు అన్నారు. ఆ పాలసీ కాపీ, ఈ ఏడాది ప్రీమియం రసీదు శనివారంలోగా ఇవ్వండి. చాలా పాలసీలు కట్టడానికే వర్తిస్తాయి, అద్దెకున్నవాళ్ల సామానుకు కాదు. మీ దాంట్లో ఏముందో చూస్తే గానీ తెలియదు. పాలసీ లేకపోతే ఆ మాటే రాసి ఇవ్వండి, నష్టం గురించి కూర్చుని మాట్లాడుకుందాం.

కంపెనీకి వెంటనే తెలియజేయండి. సర్వేయర్ వచ్చి చూసేదాకా పెచ్చులు తీయను. సామాను జాబితా, బిల్లులు, ఫొటోలు జత చేశాను.

ఇట్లు,
సరిత
రెండో అంతస్తు