ఇంటి నుంచి తెచ్చుకున్న గోలీలు వాడొచ్చా, ఫోటోలు పంపుతున్న

దోహా, ఇండస్ట్రియల్ ఏరియా
14 జులై 2025, సోమవారం

సిస్టర్ గారికి, డాక్టర్ సారుకు నమస్తే.

నా పేరు గంగారాం, ఫైల్ నంబర్ 20417, వయసు 46, షటరింగ్ కార్పెంటర్‌ను. మాది జగిత్యాల జిల్లా. గురువారం 10వ తారీఖు రాత్రి మీ దగ్గరికి వచ్చిన, షుగర్, బీపీ రెండూ ఎక్కువున్నయని కొత్త మందులు ఇచ్చిన్రు. ఇంటి నుంచి తెచ్చుకున్న గోలీలు ఏమన్న ఉన్నయా అని సార్ అడిగితే ఉన్నయ్ సార్ అన్న గని పేర్లు చెప్పరాలేదు. అప్పుడు మీరే, సిస్టర్, అన్నీ ఫోటో తీసి పంపు, తెలుగుల రాస్తే నేనే సార్‌కు చదివి చెప్త అన్నరు. అందుకే ఇంత పొడుగు రాస్తున్న, ఏమనుకోకండి. ఫోన్ల చెప్తే సగం మర్చిపోత.

ముందు శనివారం జరిగింది చెప్పాలె, అది ముఖ్యం. మీరు ఇచ్చిన గోలీలు ఇంటి గోలీలు రెండూ కలిపి వేసుకున్న. మీరు కొత్తయి ఇచ్చిన్రు అంటే పాతయి ఆపాలె అని నాకు తోచలేదు, రెండూ వేసుకుంటే జల్ది తగ్గుతది అనుకున్న. శుక్రవారం సెలవు, రూంలనే ఉన్న, తిన్న పండుకున్న, జర చెమట్లు పట్టినయ్ గని ఎండ అనుకున్న. శనివారం పొద్దున 3:30కు లేచి గోలీలు వేసుకొని ఏం తినకుండ బస్సు ఎక్కిన, మాకు ఇప్పుడు ఎండకాలం డ్యూటీ, 10 గంటలకు బయట పని ఆపేస్తరు కదా అందుకే 5 గంటలకే మొదలు, నాష్టా 8 గంటలకు. 6:30 అట్ల స్కాఫోల్డింగ్ మీద ఉన్న, ఒక్కసారి చేతులు వణుకుడు, చల్లటి చెమట, కండ్ల ముందు మసకమసక, ఆకలి అంటే మామూలు ఆకలి కాదు. కింద ఉన్న నేపాలీ తమ్ముడు చూసి పట్టుకొని దించిండు. సైట్ ఫస్ట్ ఎయిడ్ రూంల సూదితో పొడిచి చూస్తే 3.2 అన్నరు, జ్యూస్ తాగిపిచ్చి పావుగంట కూసోబెట్టి మళ్ళ చూసిన్రు, 4.9కి వచ్చింది. పైన బెల్ట్ హుక్ చేసుకొని ఉన్న కాబట్టి సరిపోయింది.

ఈ 3.2 అంటే ఏందో నాకు అప్పుడు అర్థం కాలేదు. మా పక్క రూంల ఫార్మసీల పనిచేసే నిజామాబాద్ పిలగాడు ఉన్నడు, ఇక్కడి లెక్కను 18తో గుణిస్తే మన ఊరి లెక్క వస్తది అన్నడు. అంటే 58 అన్నట్టు. మీ దగ్గర చూసినప్పుడు 11.2 ఉండె, అంటే 200 దాటింది. అంత ఎక్కువ నుంచి రెండు రోజులల్ల అంత కిందికి పడ్డది. ఆ పిలగాడే రెండు స్ట్రిప్పులు పక్కపక్కన పెట్టి చూసి, అన్నా ఇది అది ఒక్క జాతి మందే, రెండూ కలిపి వేసుకోవద్దు, ముందు క్లినిక్‌ల అడుగు అన్నడు. ఆదివారం నుంచి ఇంటి షుగర్ గోలీ బంద్ చేసి షుగర్‌కు మీరు ఇచ్చిన గోలీలు మాత్రమే వేసుకుంటున్న, వేసుకున్నంక రెండు బ్రెడ్డు ముక్కలన్న తిని పోతున్న. ఇది సరిగ్గానే చేస్తున్ననా చెప్పండి.

ఇగ ఫోటోల సంగతి. ప్రతి స్ట్రిప్పు ముందర, ఎనక రెండు దిక్కుల తీసిన, ఫోటో మీద నంబర్ రాసిన.

1 నంబర్ జగిత్యాల డాక్టర్ సారు రాసిన షుగర్ గోలీ. గ్లిమెపిరైడ్ 1 ఎంజీ, మెట్‌ఫార్మిన్ 500, రెండూ ఒక్క గోలీలనే ఉంటయ్. పొద్దున ఒకటి రాత్రి ఒకటి, తిండికి ముందు. రెండేండ్ల నుంచి ఇదే. మీరు ఇచ్చింది గ్లిక్లజైడ్ 60, పొద్దున ఒకటి, మల్ల మెట్‌ఫార్మిన్ 1000 రెండు పూటలు. నేను లెక్క కట్టిన, రెండూ కలిపితే మెట్‌ఫార్మినే రోజుకు 3000 అయితుంది. ఆ మూడు రోజులు కడుపుల తిప్పుడు, విరేచనాలు కూడా దాని వల్లనే కావచ్చు. ఇది పూర్తిగ పక్కన పెట్టాల్నా, లేక మీ మందులు అయిపోయినంక మళ్ళ వాడుకోవచ్చునా? మూడు నెలలకు సరిపడ తెచ్చుకున్న, ఇంక 140 గోలీలు ఉన్నయ్. పారేసుడు అంటే పాణం ఒప్పుతలేదు గని మీరు వద్దంటే వద్దు.

2 నంబర్ బీపీది. టెల్మిసార్టాన్ 40, దాంట్ల హైడ్రోక్లోరోథయాజైడ్ 12.5 కలిసి ఉంది. మీరు ఇచ్చింది ఆమ్లోడిపిన్ 5. ఇవి రెండూ వేరే వేరే మందులని ఆ పిలగాడు అన్నడు, కలిపి ఇస్తరు కూడా అన్నడు, కాని నాకు భయం ఎక్కడ అంటే, ఊళ్ళె డాక్టర్ సారు ఈ గోలీల మూత్రం ఎక్కువ పోయే మందు ఉంది, నీళ్ళు బాగ తాగాలె అని చెప్పిండు. ఇక్కడ ఎండల నీళ్ళు చెమట రూపంలనే పోతయ్. మధ్యాహ్నం మూత్రం పసుపుపచ్చగ చిక్కగ వస్తుంది, ఒంగి లేస్తే కండ్లు తిరుగుతున్నయ్. మీ దగ్గర బీపీ 158/96 ఉండె, ఆదివారం రాత్రి మా రూంమేట్ మిషన్‌తో చూస్తే 128/80. రెండూ వేసుకుంటున్న ఇప్పటిదాక. ఏది ఉంచాలె ఏది ఆపాలె? ఒక్కసారి ఆపితే బీపీ పెరుగుతది అని నా అంతట నేను ఆపలేదు.

3 నంబర్ కొలెస్ట్రాల్‌ది, అటోర్వాస్టాటిన్ 10, రాత్రి ఒకటి. మీరు ఇలాంటిది ఏం ఇయ్యలేదు. ఇది నడిపియ్యొచ్చు అనుకుంటున్న. స్ట్రిప్పు సగం కత్తిరిచ్చి ఇచ్చిన్రు కాబట్టి ఎక్స్‌పైరీ ఉన్న ముక్క లేదు, ఫోటోల కనపడదు. కొని నెలన్నర అయితుంది.

4 నంబర్ గ్యాస్ గోలీ, పాంటాప్రజోల్ 40. పరిగడుపున.

5 నంబర్ గురించి మీకు ఉన్నది ఉన్నట్టు చెప్త. ఎసిక్లోఫెనాక్ 100, పారాసిటమాల్ 325. నడుము, మోకాళ్ళ నొప్పికి. ఊళ్ళె ఉన్నప్పుడు ఎప్పుడన్న ఒకటి, ఇక్కడికి వచ్చినంక రోజు ఒకటి, బరువు పని ఉన్న రోజు రెండు. ప్లైవుడ్ షీట్లు మోసుడు, జాకీలు బిగిచ్చుడు, పొద్దునకు నడుము లేవదు సార్, గోలీ లేకుంటే డ్యూటీ కాదు. మీరు రిపోర్టుల క్రియాటినిన్ 118 అని రాసి పక్కకు హెచ్ పెట్టిన్రు. అది 88తో భాగిస్తే మన లెక్కల 1.3 అన్నట్టు. నొప్పి గోలీలు, బీపీ గోలీ, ఎండల నీళ్ళు తక్కువైతే ఈ మూడు కలిసి కిడ్నీ మీద పడతయని విన్న. నేను అది మీకు చెప్పలేదు గురువారం నాడు, మీరు అడిగింది షుగర్ మందుల గురించి అనుకున్న. తప్పు నాదే. నొప్పికి వేరే ఏదన్న ఉంటే రాయండి, పూసుకునేదైనా సరే. మీరు ఇచ్చిన వట్టి పారాసిటమాల్ రోజుకు ఎన్ని వేసుకోవచ్చో కూడా రాయండి, దీంట్ల కూడా పారాసిటమాల్ ఉంది కదా.

6 నంబర్ ఫోటోల కాగితం పొట్లం ఉంది, దాంట్ల తెల్ల చిన్న గోలీలు, పసుపు గోలీలు. పేరు లేదు. ఊళ్ళె ఆర్‌ఎంపీ ఇచ్చిండు, మోకాళ్ళ నొప్పి ఎక్కువైతే రెండూ కలిపి వేసుకో అని. మంచి మనిషే, అర్ధరాత్రి లేపినా వస్తడు, కాని పొట్లంల ఏముందో రాయడు. ఇవి వేసుకున్న గంటల నొప్పి పోతది, ఆకలి అయితది, కాని మొకం ఉబ్బినట్టు అయితుంది అని మా ఇంటామె వీడియో కాల్ల అన్నది. వారానికి రెండు మూడు సార్లు వేసుకున్న, రోజూ కాదు, పోయిన బుధవారం నుంచి ముట్టలేదు. తెల్లది స్టెరాయిడ్ కావచ్చు, షుగర్ దాంతోనే పెరిగి ఉండొచ్చు అని ఫార్మసీ పిలగాని అనుమానం. ఇంటామెను ఆర్‌ఎంపీ దగ్గరికి పోయి పేర్లు రాపిచ్చుకొని పంపుమన్న, రాంగనే పంపుత. గోలీ మీద చెక్కిన గీత కనపడేటట్టు దగ్గరికి పెట్టి ఇంకో ఫోటో తీసిన.

7 నంబర్ సీసాల ఆకుపచ్చ పొడి. మా అమ్మ చేసి పంపింది, పొడపత్రి ఆకు, నేలవేము, మెంతులు ఎండబెట్టి దంచింది. పొద్దున పరిగడుపున చెంచెడు నీళ్ళల్ల కలుపుకొని తాగుత. అమ్మకు 70 దాటినయ్, ఆకు చెలకల ఏరుకొచ్చి చేసింది, తాగుతున్నవా బిడ్డా అని రోజూ అడుగుతది. మందే కాదు కదా అనుకొని దీని గురించి కూడా చెప్పలేదు. ఇది కూడా షుగర్‌ను దించేదే అయితే శనివారం నాడు దీని పాలు కూడా ఉన్నట్టే. వద్దంటే ఆపుత, అమ్మకు ఎట్లనో చెప్పుకుంట.

ఇంకో మాట, ఎయిర్‌పోర్టుకు పోయే ముందు తమ్ముడు బ్యాగుల ట్రామడాల్ ఉన్న నొప్పి స్ట్రిప్పు పెట్టబోతే తీపిచ్చేసిన, అది ఇక్కడ నడవదని ముందే విన్న. మిగతా వాటికి జగిత్యాల డాక్టర్ సారు చీటీ ఉంది, 8 నంబర్ ఫోటో అదే.

గోలీలన్నీ కిటికీ పక్క బీరువాల ఉంటున్నయ్, మధ్యాహ్నం కరెంటు పోయి ఏసీ ఆగిన రోజు లోపల నిప్పుల కుంపటి. స్ట్రిప్పు మీద 30 డిగ్రీల లోపు పెట్టాలె అని రాసి ఉంది. ఇంత వేడికి మందు చెడిపోతదా?

సార్, నాకు కావాల్సింది ఇంతే. ఫోటో నంబర్ రాసి పక్కన వేసుకో, ఆపు, లేక ఇన్ని రోజులకు అడుగు అని రాస్తే చాలు. మీరు ఇచ్చినయి ఏ టైముకు వేసుకోవాల్నో కూడా రాయండి, 3:30కు లేస్త, 8 గంటలకు నాష్టా, 12కు అన్నం, కొన్ని రోజులు సాయంత్రం 3:30కు మల్ల డ్యూటీ ఉంటది, రాత్రి 8కి తిని 9కి పండుకుంట. ఎత్తు మీద పని చేయొచ్చునా లేదా అది కూడా చెప్పండి, వద్దంటే మీరు ఒక కాగితం రాసిస్తే ఫోర్‌మెన్‌కు చూపిచ్చి కొన్ని రోజులు కింద పని అడుగుత. శనివారం నుంచి ఆయన కింద కటింగ్ దగ్గరనే పెట్టిండు, కాగితం లేకుండ ఎన్ని రోజులు పెడతడో తెల్వదు.

డ్యూటీల ఫోన్ లాకర్ల పెడ్తరు, 10:30 తర్వాత చూస్త. మెసేజ్ తెలుగుల పెట్టినా సరే, సార్ హిందీల వాయిస్ పంపినా అర్థమైతది. రమ్మంటే రేపు సాయంత్రం 6 తర్వాత వస్త, గోలీలన్నీ సంచిల వేసుకొని తెస్త. జేబుల చక్కెర పొట్లాలు పెట్టుకున్న, రూంమేట్‌కు కూడా చెప్పి పెట్టిన.

మీ
గంగారాం