మొకిలా విల్లా తోట: త్రీడీ చిత్రాలతో పాటు చదవాల్సిన డిజైన్ వివరణ

సార్, మేడమ్, నమస్కారం.

ఆరు చిత్రాలు పంపాను. ముందుగా ఒక మాట. వాటిలో కనిపిస్తున్నది నాటిన మూడో ఏడాది తోట. మొదటి వర్షాకాలంలో పొగడ మొక్కలు మీ భుజం దాకా ఉంటే గొప్ప, గోడ మీద తీగ సగం కూడా పాకదు. అందుకే 6వ చిత్రంలో ఇదే తోటను నాటిన నెలకు ఎలా ఉంటుందో అలా గీశాను. చూడ్డానికి బోసిగా ఉంటుంది, కానీ అదే నిజం. మిగతా ఐదూ చూసి ఓకే చేసి, తర్వాత ఇదేంటని టెన్షన్ పడకూడదు.

ప్లాట్ 500 గజాలు, తూర్పు ముఖం. ముందు 20 అడుగులు, ఉత్తరాన 12, వెనక 14 అడుగుల జాగా ఉంది. దక్షిణాన ఉన్న ఆరు అడుగుల్లో పైపులూ ఏసీ యూనిట్లూ ఉన్నాయి కాబట్టి అక్కడ తోట లేదు. గుంట తవ్వి చూస్తే రెండు అడుగుల దాకా నల్లరేగడి, దాని కింద మొరం. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. బండలు ఎలా పరవాలో, మొక్కలు ఎలా నాటాలో చాలావరకు ఈ మట్టే నిర్ణయించింది.

1, 2వ చిత్రాలు: ఉదయం, గేటు దగ్గర

గేటు నుంచి పోర్టికో దాకా నాలుగు అడుగుల వెడల్పు దారి. ఇద్దరు పక్కపక్కనే నడవొచ్చు. రాయి తాండూరు బండ, పసుపు, రెండు అంగుళాల మందం, పాలిష్ లేనిది. మేడమ్ కడప బండ అడిగారు. నల్లగా అందంగానే ఉంటుంది, కానీ మే నెల మధ్యాహ్నం దాని మీద చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేం. పాలిష్ చేస్తే వానలో జారుతుంది కూడా. అందుకే దారి అంచున నాలుగు అంగుళాల పట్టీగా మాత్రమే వాడాను. పసుపు పక్కన ఆ నల్ల గీత బాగా తేలుతుంది. దారి కింద నల్లరేగడిని అడుగున్నర తీసేసి, మొరం పోసి దిమ్మిస ఆడించి, పైన కంకర, దాని మీద బండ. ఈ పని తగ్గిస్తే రెండో వేసవికే బండలు లేస్తాయి. ఖర్చు తగ్గించాలంటే మొక్కల్లో తగ్గించుకుందాం, ఇక్కడ మాత్రం వద్దు.

దారి వంపులో దేవగన్నేరు, తెల్ల పూలది, కొమ్మలు విస్తరించిన పెద్ద మొక్క. కడియం నర్సరీల నుంచి తెప్పిస్తాం. చలికాలంలో ఆకంతా రాల్చి మోడులా నిలబడుతుంది. చచ్చిపోయిందనుకుని ఫోన్ చేయకండి!

ఆగ్నేయ మూలలో, అమ్మగారి గది కిటికీ ఎదురుగా పారిజాతం. అమ్మగారు అడిగిన ఒకే ఒక్క మొక్క ఇది. రాత్రి పూసి తెల్లారేసరికి రాలిపోతుంది. నేల మీద పడ్డా పూజకు పనికొచ్చే పువ్వు ఇది కాబట్టి చెట్టు కింద మట్టి గానీ కంకర గానీ పెట్టలేదు. ఎనిమిది అడుగుల గుండ్రటి గడ్డి తివాచీ ఇచ్చాను. ఏరుకునేటప్పుడు పూలకు మన్ను అంటదు. పారిజాతం నీళ్లు నిలిస్తే తట్టుకోదు. అందుకే ఆ భాగాన్ని అడుగు ఎత్తు లేపి, ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి నింపుతాం.

సార్ అడిగిన రాయల్ పామ్స్ పెట్టలేదు. వాటి మట్టలు బరువు, రాలితే సరిగ్గా కారు నిలిపే చోట పడతాయి. లాన్ కూడా 300 చదరపు అడుగులకు కుదించాను. మొత్తం ముందు జాగా అంతా పరిస్తే వేసవిలో ట్యాంకర్ నీళ్లు గడ్డికే పోతాయి. ఈశాన్యంలో పెద్ద చెట్టు వద్దన్నారు. అక్కడ ఇంకుడు గుంట, దాని చుట్టూ నందివర్ధనం పొదలు. నేల వాలు కూడా అటే ఇచ్చాను కాబట్టి వాస్తుకూ వాన నీటికీ పేచీ రాలేదు.

3వ చిత్రం: ఉత్తరం వైపు నడక దారి

నేను ఎక్కువ సమయం పెట్టింది దీని మీదే. అమ్మగారు రోజూ సాయంత్రం నడిచేది ఇక్కడే అన్నారు. మొన్న సైటుకు వచ్చినప్పుడు ఆవిడ్ని మూడుసార్లు నడిపించి కొలిచాం. అడుగుకూ అడుగుకూ మధ్య 18 అంగుళాలు. మామూలుగా వేసే కొలతలో రాళ్లు పెడితే ఆవిడ ప్రతిసారీ కాలు చాచాల్సి వచ్చేది. అందుకే ఒక్కో బండ నడిచే దిశలో 16 అంగుళాలు, సందు రెండు అంగుళాలు. చేతికర్ర కొన దిగబడకుండా సందులో సన్న చిప్స్ బండతో సమంగా కూరుతాం. 56 అడుగులకు 37 బండలు వస్తాయి. బండ వెడల్పు రెండు అడుగులు.

చలికాలమంతా ఇక్కడ ఇంటి నీడ పడుతుంది, గడ్డి బతకదు. ఫెర్న్‌లు, పీస్ లిల్లీ, గోడ వెంట సాంగ్ ఆఫ్ ఇండియా మొక్కలు. దారి చివర పందిరికి రాధామనోహరం. అక్కడికి ఎండ తగులుతుంది. సాయంత్రం తెల్లగా విచ్చుకుని, మర్నాటికి గులాబీ రంగులోకి, తర్వాత ఎరుపులోకి మారే పూలు. ఒకే గుత్తిలో మూడు రంగులూ కనిపిస్తాయి.

వెనక, పడమర వైపు మూడు పొగడ చెట్లు, 12 అడుగుల దూరంలో. పక్కింటి పై అంతస్తు కిటికీని మూసేయడానికి అరెకా పామ్ తొందరగా పెరుగుతుంది, నిజమే. కానీ పడమటి ఎండకు ఆకులు మాడతాయి. పొగడ నెమ్మదిగా పెరిగినా ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది. కరివేపాకు, నిమ్మ వంటింటి తలుపు పక్కన.

4, 5వ చిత్రాలు: రాత్రి ఏడున్నర

మీరిద్దరూ ఆఫీసుల నుంచి వచ్చేది చీకటి పడ్డాకే. అంటే మీరు ఈ తోటను చూసేది ఎక్కువగా లైట్లలోనే. అలాగని పెళ్లి మండపంలా వెలిగించలేదు. అన్నీ 2700 కెల్విన్, అంటే పాత బల్బు పసుపు వెలుగు. తెల్ల లైట్ల కంటే పురుగులు కూడా తక్కువ వస్తాయి.

ముందు దారికి రెండు అడుగుల ఎత్తు బొల్లార్డ్ లైట్లు నాలుగు, 5 వాట్లవి, వెలుగు కిందికే పడేవి. ఉత్తరం గోడకు అడుగు ఎత్తులో 3 వాట్లవి ఎనిమిది. అమ్మగారి కళ్లలో పడదు, బండ అంచు మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. దేవగన్నేరుకు, పందిరికి, మధ్య పొగడకు 6 వాట్ల స్పైక్ లైట్ ఒక్కొక్కటి. పోర్టికో మెట్ల కింద 10 వాట్ల స్ట్రిప్. 5వ చిత్రంలో గోడ మీద పడిన దేవగన్నేరు కొమ్మల నీడ చూడండి. ఆకు రాలిన జనవరిలో అది ఇంకా బాగుంటుంది. పారిజాతానికి లైట్ పెట్టలేదు. ఆ మూల చీకటిగానే ఉండాలి, వాసన ఉంటే చాలు.

మొత్తం 72 వాట్లు. రోజుకు నాలుగు గంటలు వేసినా నెలకు తొమ్మిది యూనిట్ల లోపే. పదిన్నరకు టైమర్ అన్నీ ఆపేస్తుంది, గేటు దగ్గర రెండు బొల్లార్డ్‌లు తప్ప. ఆ రెండూ తర్వాత వెలిగేది పై లెక్కలో కలపలేదు. తోటలో నడిచేది 12 వోల్టుల కరెంటే. కేబుల్ పైపులో వేసి అడుగున్నర లోతున పాతుతాం. తోటమాలి పలుగు తగలకుండా పైన ఇటుక వరస.

మీరు చెప్పాల్సినవి రెండు. పోర్టికో ముందు మల్లె కుండీలు నాలుగా, ఆరా? పందిరి కింద సిమెంటు బెంచీయా, చెక్కదా? నా ఓటు సిమెంటుకే, వానకు చెక్క నిలవదు. మే 20 లోపు చెబితే కేబుల్, దారి పని నెలాఖరుకు మొదలవుతుంది. తొలకరి పడగానే ముందు పారిజాతం నాటుదాం. ఆ రోజు అమ్మగారు సైటుకు రాగలిగితే బాగుంటుంది.