కొత్త రేట్ల పట్టీ కోసం బీట్‌బజార్ సేటు గారికి ఉత్తరం

పరకాల,
24-09-2024.

వరంగల్ బీట్‌బజార్ నూనెలు, కిరాణా హోల్‌సేల్ దుకాణం సేటు గారికి, పరకాల బస్టాండ్ కిరాణం (మీ ఖాతా నంబరు 47) నుంచి నమస్కారం.

విషయం: పెరిగిన ధరల ప్రకారం కొత్త రేట్ల పట్టీ పంపడం గురించి.

సేటు గారూ,

ఈ నెల 14 నుంచి నూనెల మీద దిగుమతి సుంకం పెరిగిన సంగతి మీకు తెలియంది కాదు. ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద అసలు లేని బేసిక్ సుంకం ఒక్కసారే 20 శాతం అయింది. రిఫైన్డ్ మీద 12.5 శాతం ఉన్నది 32.5కు పోయింది. రేటు పెరగక తప్పదని నాకూ తెలుసు. పాత రేటుకే ఇవ్వమని నేను అడగడం లేదు. పెరిగింది ఎంతో కాగితం మీద రాసి పంపమని అడుగుతున్నా.

నా దగ్గరున్న మీ చివరి పట్టీ ఆగస్టు 5 నాటిది. సుంకం పెరిగినప్పటి నుంచి రేట్లన్నీ ఫోన్‌లోనే నడుస్తున్నాయి. పొద్దున గుమాస్తా ఒకటి చెప్తాడు, మధ్యాహ్నం ఇంకొకరు ఇంకొకటి చెప్తారు. 17వ తేదీన పొద్దుతిరుగుడు నూనె పెట్టె 1,210 అన్నారు. నాలుగు పెట్టెలు రాయించా, సాయంత్రం ఆటోలో సరుకు దిగింది. పెట్టెకు పది లీటరు ప్యాకెట్లు, అంటే ప్యాకెట్ 121 పడుతుందని లెక్కేసుకుని 125కు అమ్మిన. రెండు రోజులకు బిల్లు వచ్చింది, అందులో పెట్టె 1,265 ఉంది. అప్పటికే నలభై ప్యాకెట్లూ అయిపోయినయి. వాటి మీద నాకు మిగలాల్సింది 160 రూపాయలు. అది పోగా ఎదురు 60 రూపాయలు చేతి నుంచి పడింది. కొనుక్కుపోయిన గిరాకీల ఇంటికి పోయి ఇంకో రూపాయిన్నర ఇవ్వమని అడగలేను కదా.

ఇంకో ఇబ్బంది ప్యాకెట్ మీద ఎమ్మార్పీది. పాత ఎమ్మార్పీ వేసి ఉన్న సరుకు కొత్త రేటుకు వస్తే, మీద అచ్చయిన ధర దాటి నేను పైసా ఎక్కువ తీసుకోకూడదు. తీసుకోను కూడా. తక్కువ సుంకానికి వచ్చిన నిల్వలు ఉన్నంతవరకు ధరలు పెంచొద్దని కేంద్రం కంపెనీలను కోరిందని పేపర్లలో చూసిన. మీ గోదాములో పాత సరుకు ఎంత ఉందో నాకు తెలియదు, అది అడిగే హక్కు కూడా నాకు లేదు. నాకు పంపే పెట్టె పాత ఎమ్మార్పీదా, కొత్తదా అన్నది మాత్రం పట్టీలో రాయించండి. రెండూ ఉంటే రెండు రేట్లూ వేరుగా వేయండి.

మా బస్టాండ్ దగ్గర మిర్చి బజ్జీల బండి పెట్టే అక్క వారానికి 15 కిలోల పామాయిల్ డబ్బా ఒకటి నా దగ్గరే తీసుకుంటుంది. మొన్న డబ్బా మూత మీద చెయ్యి పెట్టి, "తమ్మీ, వచ్చే వారం ఎంత ఉంటదో ఇప్పుడే చెప్పు, బజ్జీ రేటు పెంచాల్నా, సైజు తగ్గియ్యాల్నా చూసుకోవాలె" అన్నది. నా దగ్గర జవాబు లేదు. ఆమెకు ఆ వారం సంపాదన అంతా ఆ డబ్బా మీదనే ఉంది.

అందుకని పట్టీలో పొద్దుతిరుగుడు, పామాయిల్, పల్లినూనె రేట్లు ప్యాకెట్, డబ్బా సైజుల వారీగా రాయించండి. జీఎస్టీ కలిపిన రేటో, విడిగానో స్పష్టంగా ఉండాలి. హమాలీ, పరకాల దాకా ఆటో కిరాయి ఎవరి మీదో కూడా రాయండి. పోయిన నెల అది రెండు బిల్లుల్లో రెండు రకాలుగా పడింది. సద్దుల బతుకమ్మకు సత్తుపిండి చేసే ఇళ్ల కోసం నువ్వులు, పల్లీలు, బెల్లం రేట్లు కూడా కావాలి. ఆ పట్టీ ఏ తేదీ దాకా చెల్లుతుందో కింద రాసి, మీ ముద్ర వేయించండి. మధ్యలో రేటు మారితే సరుకు ఆటో ఎక్కకముందే ఒక మెసేజ్ పెట్టించండి. అప్పుడు తీసుకోవాలా వద్దా అనేది నేను చూసుకుంటా.

అక్టోబర్ 2న ఎంగిలిపూల బతుకమ్మ, 10న సద్దులు, 12న దసరా. పండుగ సరుకు ఈ శనివారం 28వ తేదీన రాయించాలని ఉంది. కాబట్టి శుక్రవారం సాయంత్రంలోగా పట్టీ పంపితే మేలు. ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టినా చాలు, అసలు కాగితం ఆటో డ్రైవర్‌కు ఇవ్వండి.

నా ఖాతాలో మీకు రావాల్సినవి 18,400 రూపాయలు. అందులో 12,000 శుక్రవారం మీ ఖాతాకు పంపుతా, మిగతాది దసరా తెల్లారి ఇచ్చేస్తా. 17వ తేదీ సరుకు మీద పడిన 220 రూపాయల తేడా మీరే చూసి సర్దండి. పదకొండేళ్లుగా మీ దగ్గరే తెస్తున్నా, పండుగ పూట ఇంకో దుకాణం మెట్లు ఎక్కాలని నాకు లేదు.

ఇట్లు,
పరకాల బస్టాండ్ కిరాణం యజమాని,
ఖాతా నంబరు 47.

జత: 17వ తేదీ సరుకు బిల్లు జిరాక్సు.