ప్రొబేషన్, కన్ఫర్మేషన్ గురించి హెచ్‌ఆర్‌కు మెయిల్

నమస్తే మేడమ్,

విజయవాడ బ్రాంచ్‌లో అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ పోస్టుకు ఆఫర్ లెటర్ అందింది, చాలా సంతోషం. సంతకం పెట్టేముందు కొంచెం స్పష్టత కావాలండి.

‘6 నెలల ప్రొబేషన్, పనితీరును బట్టి పొడిగించవచ్చు’ అని ఉంది. పొడిగిస్తే గరిష్ఠంగా ఎన్ని నెలలు? 6 నెలలు నిండాక కన్ఫర్మేషన్ లెటర్ రాకపోతే కన్ఫర్మ్ అయినట్టా, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నట్టా? నాకు ముఖ్యంగా తెలియాల్సింది ఇదే. నోటీస్ పీరియడ్ ప్రొబేషన్‌లో 15 రోజులు, ఆ తర్వాత 60 అని రాశారు. ఏది వర్తిస్తుందో కన్ఫర్మేషన్ లెటర్‌ను బట్టే తేలుతుంది. ఆ 15 రోజులు కంపెనీకి కూడా వర్తిస్తాయా?

పీఎఫ్ మొదటి నెల జీతం నుంచే కడతారు కదండీ? ఎర్న్‌డ్ లీవులు చేరిన రోజు నుంచి లెక్కేస్తారా, కన్ఫర్మేషన్ నుంచా?

వీలైతే ఈ మెయిల్‌కే జవాబివ్వండి మేడమ్. శుక్రవారంలోగా సంతకం చేసి పంపి, ఇక్కడ రాజీనామా ఇచ్చేస్తాను.