52 రోజుల సమ్మె విరమణ.. తెల్లారితే డిపో గేటు తెరుచుకునేనా?

హైదరాబాద్, నవంబరు 25, 2019: తెలంగాణ ఆర్టీసీలో అక్టోబరు 5న మొదలైన సమ్మె సోమవారంతో ముగిసినట్టు కార్మిక సంఘాల జేఏసీ ప్రకటించింది. మంగళవారం ఉదయం 6 గంటలకు ఎవరి డిపోల్లో వాళ్లు విధులకు హాజరు కావాలని కన్వీనర్ అశ్వత్థామరెడ్డి కార్మికులకు పిలుపునిచ్చారు. గంటలు గడవకముందే సంస్థ ఇన్‌ఛార్జి ఎండీ సునీల్ శర్మ నుంచి జవాబు వచ్చింది. ఇష్టమొచ్చినప్పుడు మానేసి, ఇష్టమొచ్చినప్పుడు వస్తామంటే కుదరదని, విధుల్లోకి తీసుకోబోమని, డిపోల దగ్గరికి రావద్దని ఆయన స్పష్టం చేశారు. తాత్కాలిక డ్రైవర్లు, కండక్టర్లు మాత్రం ఎప్పటిలాగే రావాలన్నారు. కాబట్టి సమ్మె ముగిసిందని రాయొచ్చు గానీ, రేపటి నుంచి బస్సులు మామూలుగా నడుస్తాయని ఈ రాత్రి ఎవరూ రాయలేరు.

నగర శివారులోని ఒక డిపో ముందు సాయంత్రం ఐదింటికి శామియానా కింద పాతిక మంది దాకా ఉన్నారు. వంటావార్పు రోజుల నాటి ఇటుక పొయ్యి నల్లగా మాడి అలాగే ఉంది. విరమణ మాట ఫోన్లలో చేరగానే చప్పట్లు కొట్టినవాళ్లు లేరు, కోప్పడినవాళ్లు లేరు. పన్నెండేళ్లుగా కండక్టర్‌గా చేస్తున్న ఒకావిడ తన తోలుసంచి తెచ్చుకుంది. మొదటి రోజు తిప్పి ఇవ్వాల్సిన చిల్లర ఇంకా అందులోనే ఉందట. "సెప్టెంబర్ల పనిచేసిన జీతమే రాలే సారు. పుస్తెలతాడు కుదువ వెట్టి పొల్ల ఫీజు కట్టిన. సమ్మె చేసిన రోజులకు ఇయ్యకున్నా మంచిదే, చేసిన పనికి ఇయ్యరా?" అని అడిగింది.

ఆ ప్రశ్న హైకోర్టుకూ వెళ్లింది. సెప్టెంబరు వేతనాలకు సుమారు 239 కోట్ల రూపాయలు కావాలని, ఖాతాలో ఏడున్నర కోట్ల దాకానే ఉందని యాజమాన్యం చెప్పింది. సమ్మె వల్ల రాబడి పడిపోయిందన్నది వాళ్ల వాదన. సెప్టెంబరులో సమ్మెనే లేదు కదా అన్నది కార్మికుల మాట. రెండూ నిజాలే. దసరా, దీపావళి జీతం లేకుండానే దాటిపోయాయన్నది ఇంకో నిజం.

జేఏసీ ప్రభుత్వం ముందుంచినవి 26 డిమాండ్లు. అన్నిటికన్నా ముందున్నది ఆర్టీసీని ప్రభుత్వంలో విలీనం చేయడం. పక్క రాష్ట్రంలో ఏపీఎస్ ఆర్టీసీ ఉద్యోగులను ప్రభుత్వంలో కలుపుకోవాలని జగన్ సర్కారు నిర్ణయించాక ఇక్కడి డిపోల్లో ఆ మాట ఊపందుకుంది. 2011 సకల జనుల సమ్మెలో బస్సులు ఆపి రాష్ట్రం కోసం కొట్లాడామని, రాష్ట్రం వచ్చాక తమ గతి ఇదా అని డిపో ముందు కూర్చున్న ప్రతి పెద్ద వయసు డ్రైవరూ అంటాడు. మిగతా డిమాండ్లు రోజువారీ బతుకువి. 2017 ఏప్రిల్ 1 నుంచి రావాల్సిన వేతన సవరణ, ఖాళీల భర్తీ, ఉద్యోగ భద్రత, డొక్కు బస్సుల స్థానంలో కొత్తవి, ఉద్యోగుల సహకార పరపతి సంఘం నుంచి వాడుకున్న డబ్బు తిరిగి జమ చేయడం. రిటైరైన వాళ్ల చోట కొత్తవాళ్లు రాక డబుల్ డ్యూటీలు పడుతున్నాయని డ్రైవర్లు చెబుతున్నారు.

విలీనమే ఎందుకు అని అడిగితే జేఏసీ చెప్పే కారణం ఒక్కటే: ఆర్టీసీ చేస్తున్నది వ్యాపారం కాదు. రాయితీ పాసులు, పదిమంది కూడా ఎక్కని పల్లె రూట్లు, డీజిల్ మీద పన్ను సంస్థ నెత్తిన ఉన్నాయి. రాయితీల సొమ్ము ప్రభుత్వం సకాలంలో ఇవ్వదని, హైదరాబాద్ సిటీ బస్సుల నష్టానికి జీహెచ్ఎంసీ నుంచి రావాల్సింది రాలేదని వాళ్లు లెక్క చూపుతున్నారు. ప్రభుత్వం పని చేయించుకుంటూ నష్టాన్ని డ్రైవర్, కండక్టర్ ఖాతాలో రాస్తే ఎలా అన్నది వాళ్ల ప్రశ్న.

ప్రభుత్వం వైపు నుంచి చూస్తే లెక్క వేరేగా కనిపిస్తుంది. సంస్థకు ఏటా 1,200 కోట్ల నష్టం, నెత్తిన 5,000 కోట్ల అప్పు ఉన్నాయని ముఖ్యమంత్రి కేసీఆర్ సమ్మె రెండో రోజే చెప్పారు. 2015 సమ్మె తర్వాత 44 శాతం ఫిట్‌మెంట్, ఆ తర్వాత 16 శాతం మధ్యంతర భృతి ఇచ్చామని, దేశంలో ఏ ఆర్టీసీకీ ఇంత పెంపు లేదని సర్కారు వాదన. ఒక కార్పొరేషన్‌ను కలుపుకుంటే మిగతా కార్పొరేషన్లు కూడా అదే అడుగుతాయని, కాబట్టి విలీనం ప్రసక్తే లేదని తేల్చేసింది. బతుకమ్మ, దసరా ప్రయాణాల వేళ బస్సులు ఆపడాన్ని క్షమించరాని తప్పుగా చూసింది. పెట్టిన గడువులోపు రానివాళ్లు తమంతట తామే ఉద్యోగం వదులుకున్నట్టు అని ఆ రోజే ప్రకటించింది. అంటే దాదాపు 48 వేల మంది.

అంతమందిని ఒక్కమాటతో తీసేయడం చట్టానికి నిలుస్తుందా అన్నది మొదటి రోజు నుంచీ అనుమానమే. ప్రజోపయోగ సేవల్లో నోటీసు ఇచ్చినా, రాజీ ప్రయత్నం నడుస్తుండగా సమ్మెకు వెళ్లకూడదని పారిశ్రామిక వివాదాల చట్టం చెబుతుంది. యాజమాన్యం పట్టుకున్న కొస అదే. అయితే సమ్మె చట్టబద్ధమా కాదా తేల్చాల్సింది లేబర్ కోర్టు గానీ తాము కాదని ప్రధాన న్యాయమూర్తి రాఘవేంద్రసింగ్ చౌహాన్ ధర్మాసనం చెప్పింది. విలీనం చేయమని ఆదేశించలేమనీ చెప్పింది. మధ్యలో చర్చలకు పంపింది. అక్టోబరు 26న ఎర్రమంజిల్‌లో ఇరుపక్షాలూ కూర్చున్నాయి. విలీనం పక్కనపెట్టి 21 అంశాలే మాట్లాడదామని అధికారులు, అన్నిటి మీదా మాట్లాడాలని నాయకులు అనడంతో అవి అక్కడే ఆగిపోయాయి. సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తులు ముగ్గురితో కమిటీ వేద్దామని కోర్టు అంటే ప్రభుత్వం ఒప్పుకోలేదు. విలీనాన్ని తాత్కాలికంగా పక్కనపెడుతున్నామని జేఏసీ నవంబరు మధ్యలో ఒక మెట్టు దిగింది. అప్పుడూ పిలుపు రాలేదు.

ఇక నవంబరు 2న మంత్రివర్గం 5,100 రూట్లను ప్రైవేటుకు ఇవ్వాలని నిర్ణయించింది. 5వ తేదీ అర్ధరాత్రిలోగా చేరితే చేరినట్టు అని ముఖ్యమంత్రి మరో గడువు పెట్టారు. చేరింది కొన్ని వందల మందే. రూట్ల నిర్ణయాన్ని సవాలు చేసిన పిటిషన్‌ను హైకోర్టు శుక్రవారం కొట్టేసింది. అంతకుముందు 18న సమ్మె వ్యవహారాన్ని లేబర్ కమిషనర్‌కు అప్పగించి, లేబర్ కోర్టుకు పంపాలో వద్దో రెండు వారాల్లో తేల్చమంది. ఈ రెండు ఉత్తర్వుల తర్వాత కార్మికుల చేతిలో పట్టు జారిందన్నది డిపో ముందు నోరు తెరిచి ఎవరూ అనలేదు గానీ, ముఖాల్లో కనిపించింది. నైతిక విజయం తమదేనని జేఏసీ అంటోంది.

సమ్మె కాలంలో ఆత్మహత్యలు, గుండెపోట్లు కలిపి సుమారు ముప్పై మంది కార్మికులు పోయారని జేఏసీ చెబుతోంది. సంఘాలు లేనిపోని ఆశలు పెట్టి రెచ్చగొట్టాయని ప్రభుత్వం, ఉద్యోగాలు పోయాయన్న ప్రకటనే ప్రాణం తీసిందని సంఘాలు ఒకరినొకరు వేలెత్తి చూపుకున్నాయి. ఆ ఇళ్లకు వెళ్లి పలకరించాల్సిన పని మాత్రం ఇంకా మిగిలే ఉంది.

మరి ప్రయాణికులు? రోజుకు 90 లక్షలకు పైగా జనాన్ని మోసే సంస్థ ఇది. పండగకు ఊరెళ్లినవాళ్లు తిరిగి రాలేక, పిల్లలు బడికి పోలేక దసరా సెలవులను అక్టోబరు 19 దాకా పొడిగించాల్సి వచ్చింది. నగరంలో మెట్రో ఉన్నచోట జనం అందులో కిక్కిరిశారు. మియాపూర్, ఎల్బీనగర్, నాగోల్, హైటెక్ సిటీ స్టేషన్లకు దూరంగా ఉన్నవాళ్లకు సెవెన్ సీటర్ ఆటోనే దిక్కు.

ఇబ్రహీంపట్నం వైపు ఇంజినీరింగ్ కాలేజీకి పోయే ఒక విద్యార్థి జేబులోంచి తన బస్ పాస్ తీసి చూపించాడు. అక్టోబరుకు డబ్బు కట్టినదే. తాత్కాలిక కండక్టర్లు కొందరు ఒప్పుకున్నారు, కొందరు దిగమన్నారు. మొదటి వారాల్లో టికెట్ మిషన్లు లేక నోటికి వచ్చినంత అడిగారని చెప్పాడు. ఫిర్యాదులు పెరిగాక టికెట్లు ఇవ్వడం, పాసులు అనుమతించడం మొదలుపెట్టామని అధికారులు అంటున్నారు. ఇళ్లలో పనిచేసే ఒకామె లెక్క ఇంకా సూటిగా ఉంది. పోనురాను బస్సుకు ముప్పై రూపాయలు అయ్యేది, ఆటోలకు ఎనభై అవుతోంది. "వాళ్ల బాధ వాళ్లది, కాదనను. నెలకు వెయ్యి రూపాయలు ఎక్కడికెళ్లి తేవాలె నేను?" సమ్మె తప్పా ఒప్పా అని ఆమె మాట్లాడలేదు. బస్సు ఎప్పుడొస్తుందో చెప్పమంది.

ఎన్ని బస్సులు నడిచాయన్న దానిమీద కూడా ఇరుపక్షాల లెక్కలు కలవలేదు. అద్దె బస్సులతో కలిపి ఎక్కువ భాగం తిప్పామని యాజమాన్యం, కాగితాల మీదే తిరిగాయని జేఏసీ అంటున్నాయి. నేను వెళ్లిన చోట్ల కనిపించింది ఇది: జిల్లా కేంద్రాల మధ్య పెద్ద రూట్లలో బస్సు దొరికింది. మండలం దాటి లోపలి ఊళ్లకు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వచ్చే బస్సు మాత్రం చాలాచోట్ల రాలేదు. దాన్నే నమ్ముకున్న ఊరికి అదొక్కటే బస్సు.

తాత్కాలిక డ్రైవర్‌ది ఇంకో కథ. రోజుకు డ్రైవర్‌కు 1,500, కండక్టర్‌కు 1,000 రూపాయలు ఇస్తున్నారు. అంతకుముందు లారీ నడిపిన ఒక యువకుడు బస్సు దిగుతూనే చుట్టూ చూసుకున్నాడు. తిట్లు పడ్డాయట, ఒకసారి అద్దం మీద రాయి పడిందట. "మాది గూడ కడుపే గదన్నా. నేనేం వాళ్ల కొలువు గుంజుకుంట అనలే" అన్నాడు. సమ్మె కాలంలో ప్రమాదాలు జరిగినప్పుడల్లా అనుభవం లేనివాళ్ల చేతికి బస్సు ఇచ్చారన్న విమర్శ వచ్చింది. అర్హత, లైసెన్సు చూసే తీసుకున్నామని అధికారులు చెబుతున్నారు. రేపు తనను రమ్మన్నారని, వచ్చాక గేటు దగ్గర ఎవరు ఎదురుపడతారోనని ఆ యువకుడి భయం.

రాత్రి తొమ్మిది దాటాక డిపో ముందు పోలీసులు ఇనుప బారికేడ్లు దించడం మొదలుపెట్టారు. శామియానా విప్పేశారు. కండక్టరమ్మ తోలుసంచి భుజాన వేసుకుని ఆటో కోసం రోడ్డు మీదికి నడిచింది. ఖాకీ చొక్కా ఇస్త్రీ చేసుకోవాలంది. ఆరింటికి గేటు దగ్గర ఉండాలంటే నాలుగున్నరకే బయల్దేరాలి, ఆ టైంకు బస్సు లేదు.