ఇరవై రెండు కిలోల సంచి, పదిహేడేళ్ల కుర్రాడు
(క్రిమినల్ లా సెమినార్‌లో చదివిన పత్రం, విశాఖపట్నం)

అధ్యక్షులకు, గురువులకు, తోటి విద్యార్థులకు నమస్కారం.

బాల నేరస్తుల గురించి మాట్లాడమంటే చాలామంది 2012 డిసెంబర్ ఢిల్లీ ఘటనతో మొదలుపెడతారు. నేను మన ఆర్టీసీ కాంప్లెక్స్‌తో మొదలుపెడతాను.

పాడేరు బస్సు నుంచి ఓ గిరిజన కుర్రాడు దిగాడు. పదిహేడేళ్లు. భుజాన సంచి, అందులో 22 కిలోల గంజాయి. కాంప్లెక్స్‌లో ఒకాయన వచ్చి తీసుకుంటాడు, నీకు మూడు వేలు ముడతాయి అని ఊళ్లో ఎవరో చెప్పి పంపారు. ఆ ఒకాయన రాలేదు, పోలీసులు వచ్చారు. ఈ కుర్రాణ్ని నేనే కల్పించాను. అయినా విశాఖలో పేపర్ చదివే ఎవరికీ వీడు కొత్తవాడిలా అనిపించడు.

ఇదే సంచితో ముప్పై ఏళ్ల మనిషి దొరికితే దారి తెలిసిందే: లాకప్, రిమాండ్, జైలు. మత్తు పదార్థాల మీదున్న ఎన్‌డీపీఎస్ చట్టం 37వ సెక్షన్ వల్ల బెయిలు దాదాపు దొరకదు. మన కుర్రాడి విషయంలో 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం అడ్డు నిలుస్తుంది. 10వ సెక్షన్ ప్రకారం వాణ్ని లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టకూడదు. బేడీలు వేయకూడదు. ప్రయాణ సమయం పోను 24 గంటల్లో జువైనల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. బోర్డులో ఒక మేజిస్ట్రేట్, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, ఆ ఇద్దరిలో ఒకరు మహిళ అయి ఉండాలి. 12వ సెక్షన్‌లో బెయిలే నియమం. దాన్ని కాదనడానికి కారణాలు మూడే: బయటికెళ్తే తెలిసిన నేరస్తుల చేతిలో పడటం, నైతికంగానో శారీరకంగానో మానసికంగానో ప్రమాదంలో పడటం, న్యాయ ప్రయోజనాలు దెబ్బతినడం. నేరం ఎంత పెద్దదన్నది ఆ మూడింటిలో లేదు. వేరే ఏ చట్టంలో ఏమున్నా సరే అని ఆ సెక్షన్‌లోనే రాసి ఉంది కాబట్టి 37వ సెక్షన్ ఇక్కడ అడ్డం రాకూడదన్నది నా వాదన.

ఇంత తేడా ఎందుకు? చిన్నవాడు పాపం, వదిలేద్దాం అనే జాలి మీద ఈ చట్టం నిలబడలేదు. మనం మొదటి సంవత్సరంలోనే చదువుకున్నాం, నేరమంటే చేసిన పని ఒక్కటే కాదు, దాని వెనకున్న మనసు కూడా. శిక్షను సమర్థించేది ఆ మనసే. పదిహేడేళ్ల వాడికి తప్పేదో ఒప్పేదో తెలుసు, కాదనను. కానీ తెలిసినంత మాత్రాన ఆగగలడా? ఉద్రేకాన్ని పట్టి ఆపే, రేపేమవుతుందో లెక్కవేసే మెదడు భాగాలు ఇరవై దాటాక కూడా ఎదుగుతూనే ఉంటాయని న్యూరోసైన్స్ చెబుతోంది. పక్కన స్నేహితులుంటే ఆ లెక్క ఇంకా తప్పుతుంది. బీచ్ రోడ్డులో రాత్రిపూట బైక్ రేసులు చూసినవాళ్లకు ఇది చెప్పడానికి సైన్స్ కూడా అక్కర్లేదు.

చట్టం మిగతా చోట్ల ఈ సంగతి ఒప్పుకుంటూనే ఉంది. ఇదే కుర్రాడు ఒప్పందం మీద సంతకం పెడితే చెల్లదు, 1903 నాటి మోహరీ బీబీ కేసు నుంచీ అదే మాట. ఓటు లేదు. పెళ్లి చేసుకోకూడదు. జైలు దగ్గరికి వచ్చేసరికి మాత్రం పెద్దవాడైపోయాడంటే ఎలా?

ఇంకో సంగతి, ఏడేళ్ల లోపు పిల్లలు చేసింది నేరమే కాదనీ, ఏడు నుంచి పన్నెండు మధ్య అయితే పరిణతి చూడాలనీ పాత ఐపీసీ 82, 83 సెక్షన్లలో ఉండేది. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 20, 21. అంకెలు మారాయి, అంతే. పిల్లలకు వేరే కోర్టు అన్న ఆలోచన 1899లో షికాగోలో రూపుదిద్దుకుంది. మన 1986 చట్టంలో అబ్బాయిలకు 16, అమ్మాయిలకు 18 అని రెండు కొలతలుండేవి. 1992లో మనం బాలల హక్కుల ఒడంబడికలో చేరాం. 2000 చట్టం అందరికీ 18 చేసింది.

ఢిల్లీ ఘటన తర్వాత ఆ గీత కదిలింది. నిందితుల్లో ఒకడికి పద్దెనిమిది నిండటానికి కొన్ని నెలలే తక్కువ. వాడికి పడింది స్పెషల్ హోమ్‌లో మూడేళ్లు. 2015 డిసెంబర్‌లో వాడు బయటికొచ్చిన రోజుల్లోనే రాజ్యసభ కొత్త బిల్లును ఆమోదించింది. ఆ కోపం అన్యాయమని నేననను. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి మెదడు ఎదుగుదల గురించి చెప్పే ధైర్యం నాకు లేదు. నా అభ్యంతరం ఆ కోపంలో పుట్టిన కొలబద్ద మీద.

అది 15వ సెక్షన్. 16 నిండి 18 నిండనివాడు ఘోర నేరం చేశాడని ఆరోపణ వస్తే బోర్డు ప్రాథమిక అంచనా వేయాలి. వాడి మానసిక, శారీరక సామర్థ్యం, పర్యవసానాలు తెలుసుకునే శక్తి, నేరం జరిగిన పరిస్థితులు చూడాలి. పెద్దవాడిలా విచారించాలనిపిస్తే చిల్డ్రన్స్ కోర్టుకు పంపాలి. మరి ఘోర నేరమంటే? కనీస శిక్ష ఏడేళ్లు, ఆపైన ఉన్నది. కనీస శిక్షే లేని నేరాలు ఇందులోకి రావని 2020లో శిల్పా మిత్తల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇప్పుడు సంచి దగ్గరికి రండి. గంజాయి 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. దానికి కనీస శిక్ష పదేళ్లు. అంటే కాగితం మీద మన పాడేరు కుర్రాడు, ఢిల్లీ బస్సులోని ఆ కుర్రాడు ఒకే గాటన ఉన్నారు. పద్దెనిమిది కిలోలే మోసి ఉంటే వీడు ఆ గాటన పడేవాడు కాదు. సంచి కట్టింది వీడు కాదు, ఎన్ని కిలోలు పెట్టాలో తేల్చిందీ వీడు కాదు.

అదే జువైనల్ జస్టిస్ చట్టం 78వ సెక్షన్ చూడండి. మత్తు పదార్థాలు మోయడానికి పిల్లల్ని వాడుకున్నవాళ్లకు ఏడేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష దాకా జరిమానా. ఈ లెక్కన మన కుర్రాడు బాధితుడు. 15వ సెక్షన్‌లో ఘోర నేరస్తుడు, 78లో బాధితుడు, ఒక్క చట్టంలోనే. ఇలాంటి ప్రతి కేసులోనూ 78 కింద దర్యాప్తు ఎటు పోయిందని డిఫెన్స్ లాయరు మొదటి వాయిదాలోనే అడగాలని నా అభిప్రాయం. 15లో చూడమన్న ‘పరిస్థితులు’ అక్కడే బయటపడతాయి.

ఆ అంచనా పదిహేను నిమిషాల్లో ముగించే తంతు కాదని కూడా గుర్తుచేయాలి. 2022లో బరుణ్ చంద్ర ఠాకూర్ కేసులో సుప్రీంకోర్టు, బోర్డు సభ్యుల్లో మనస్తత్వ శాస్త్రం చదివినవారు లేకపోతే నిపుణుల సాయం తీసుకుని తీరాలంది. గంజాయి తప్పని తెలుసా అంటే తెలుసు సార్ అంటాడు. దొరికితే పదేళ్లని తెలుసా? దాని తర్వాత చదువు, ఇల్లు ఏమవుతాయో ఎప్పుడైనా ఆలోచించాడా? వాడికొచ్చిన భాషలో, బహుశా కువిలోనో ఆదివాసీ ఒడియాలోనో, ఎవరైనా అడగాలి కదా.

చిల్డ్రన్స్ కోర్టుకు వెళ్లినా పిల్లవాడన్న గుర్తింపు పూర్తిగా పోదు. మరణశిక్ష ఉండదు, విడుదలకు అవకాశం లేని యావజ్జీవమూ ఉండదు. 21 నిండేదాకా ఉంచేది సురక్షిత స్థలంలో. అప్పుడు వాడు ఎంత మారాడో చూసి వదిలేయొచ్చు, లేదా మిగతా శిక్షకు జైలుకు పంపొచ్చు. కానీ ఒకటి పోతుంది. బోర్డే తేల్చిన కేసుల్లో ఆ దోషనిర్ధారణ వల్ల తర్వాత ఏ అనర్హతా రాదు. చిల్డ్రన్స్ కోర్టు పెద్దవాడిలా విచారించి దోషి అన్నవాడికి 24వ సెక్షన్ ఆ రక్షణ ఇవ్వదు. ఉద్యోగానికి అప్లై చేసినప్పుడు ఆ సంచి మళ్లీ భుజానికెక్కుతుంది.

వయసు నిర్ధారణ గురించి వివరంగా చెప్పాలనుకున్నాను, అధ్యక్షులు గడియారం చూస్తున్నారు. 94వ సెక్షన్ ముందు బడి సర్టిఫికెట్, అది లేకపోతే పంచాయతీ లేదా మునిసిపాలిటీ జనన పత్రం, రెండూ లేకపోతేనే ఎముకల పరీక్ష అంటుంది. బడిలో చేర్చిన రోజు మాస్టారు అందాజాగా వేసిన తేదీ మీద ఒక జీవితం ఎటు తిరుగుతుందో ఆధారపడుతుంది. దాని మీద ప్రశ్నలుంటే అడగండి, చెబుతాను.