సరుకు రవాణా కిరాయి బిల్లు నం. 147 / 2025-26

గుణుపురం (రాయగడ జిల్లా, ఒడిశా) లారీ రవాణా ఆఫీసు
సొంత లారీలు రెండు, రెండూ పది టైర్లవి

బిల్లు తేదీ: 15-12-2025
చెల్లించవలసినవారు: మెయిన్ రోడ్డు ధాన్యం, ఇనుము కొట్టు యజమాని గారు, గుణుపురం
బిల్లు కాలం: 01-12-2025 నుంచి 10-12-2025 వరకు
కిరాయి పద్ధతి: మూడు రసీదులూ 'తర్వాత బిల్లు' కింద రాసినవే. సరుకు దింపినచోట ఎవరి దగ్గరా కిరాయి తీసుకోలేదు.

అయ్యా,

ఈ నెల మొదటి పది రోజుల్లో మీ సరుకు మూడు లోడ్లు నడిపాం. రెండు మొక్కజొన్న లోడ్లు గుణుపురం నుంచి అనకాపల్లి దాణా మిల్లుకు వెళ్లాయి. ఒకటి విశాఖపట్నం యార్డు నుంచి గుణుపురానికి తిరుగు లోడుగా వచ్చిన ఇనుప ఊచలు. లెక్క కింద ఉంది.

| వివరం | రసీదు 3121 | రసీదు 3124 | రసీదు 3129 |
|---|---|---|---|
| లోడింగ్ తేదీ | 01-12-2025 | 03-12-2025 | 09-12-2025 |
| బండి | ఒకటో లారీ | రెండో లారీ | ఒకటో లారీ |
| సరుకు ఇన్వాయిసు | మీ అమ్మకం బిల్లు 218 | మీ అమ్మకం బిల్లు 221 | యార్డు ఇన్వాయిసు 5406 |
| సరుకు | మొక్కజొన్న, 300 బస్తాలు | మొక్కజొన్న, 310 బస్తాలు | ఇనుప ఊచలు, కట్టలుగా |
| లోడుతో తూకం (కిలోలు) | 27,650 | 28,210 | 25,900 |
| ఖాళీ బండి తూకం (కిలోలు) | 9,480 | 9,440 | 9,480 |
| నికర బరువు (కిలోలు) | 18,170 | 18,770 | 16,420 |
| టన్ను రేటు (రూ.) | 1,150 | 1,150 | 1,050 |
| కిరాయి (రూ.) | 20,895.50 | 21,585.50 | 17,241.00 |
| హమాలీ (రూ.) | 1,800.00 | 1,860.00 | 2,627.20 |
| కాటా (రూ.) | 150.00 | 150.00 | లేదు |
| రసీదు ఖర్చు (రూ.) | 50.00 | 50.00 | 50.00 |
| హాల్టింగ్ (రూ.) | లేదు | 750.00 | లేదు |
| రసీదు మొత్తం (రూ.) | 22,895.50 | 24,395.50 | 19,918.20 |

మూడు రసీదుల మొత్తం: రూ. 67,209.20
పైసలు తీసివేత: రూ. 0.20
బిల్లు మొత్తం: రూ. 67,209
అందిన అడ్వాన్సు: 01-12న డీజిలు కోసం రూ. 10,000, 09-12న రూ. 8,000, కలిపి రూ. 18,000
ఇంకా రావలసింది: రూ. 49,209 (నలభై తొమ్మిది వేల రెండు వందల తొమ్మిది రూపాయలు మాత్రమే)

తూకం ఎలా తీసుకున్నాం

కిరాయికి పట్టిన బరువు మూడింటికీ లోడింగ్ కాటాదే. మనం మాట్లాడుకున్నదీ అదే. బస్తాల లెక్కను బస్తా బరువుతో హెచ్చవేసి కిరాయి రాయలేదు. అరవై కిలోల బస్తాలు 300 అంటే 18,000 కిలోలు రావాలి, కాటా మీద 18,170 వచ్చింది. ఆ 170 కిలోలు గోనె సంచుల బరువు. బండి మోసింది సంచులతో కలిపే కాబట్టి కిరాయి కూడా వాటితో కలిపే పట్టాం. మీరు మిల్లుకు వేసే బిల్లులో సంచి బరువు తీసేస్తారు. ఆ రెండు అంకెలు కలవలేదని కంగారు పడనక్కరలేదు.

3121లో మిల్లు కాటా 18,110 చూపింది. 60 కిలోల తేడా, ఒక శాతంలో మూడో వంతు. దారిలో తేమ తగ్గడం, బస్తా కుట్టు దగ్గర గింజ రాలడం ఉంటాయి. అర శాతం వరకు తరుగును మీరే భరిస్తామన్నారు, ఇది అందులోనే ఉంది.

3124 గురించి వివరంగా

మీరు ఫోనులో అడిగింది ఈ రసీదు గురించే. లోడింగ్ కాటా 18,770, మిల్లు నుంచి వచ్చిన చీటీ 18,480. తేడా 290 కిలోలు, ఒకటిన్నర శాతం పైచిలుకు. అంత తరుగు మొక్కజొన్నలో ఉండదు. మీ అనుమానం సబబే, నాకూ మొదట డ్రైవరు మీదే కోపం వచ్చింది. చీటీలన్నీ తెప్పించి చూశాక విషయం తేలింది.

నాలుగో తేదీ ఉదయం లోడుతో తూకం మిల్లు కాటా మీద 28,150 వచ్చింది. ఆ మధ్యాహ్నం కాటా చెడిపోయింది. ఐదో తేదీ సాయంత్రం సరుకు దించాక ఖాళీ తూకానికి బండిని బయటి కాటాకు పంపారు. ఆ కాటా పెట్రోలు బంకును ఆనుకుని ఉంది. డ్రైవరు దారిలో ఉన్న పని అని ముందు డీజిలు పోయించుకుని, తర్వాత కాటా ఎక్కాడు. బంకు రసీదులో 240 లీటర్లు, సమయం 5.20. కాటా చీటీలో ఖాళీ బండి 9,670, సమయం 5.41. లీటరు డీజిలు ఇంచుమించు 830 గ్రాములు, 240 లీటర్లకు 199 కిలోలు. ఖాళీ బండి బరువులో ఆ డీజిలు చేరితే సరుకు బరువులో అంతా తగ్గినట్టే కనబడుతుంది.

290లో 199 పోగా మిగిలేది 91 కిలోలు. అర శాతం అంటే 93.85. అంటే ఈ తేడా కూడా మన మాటలోపలే ఉంది. అన్నిటికంటే గట్టి సాక్ష్యం లారీ రసీదు వెనుక మిల్లు గుమాస్తా రాసిన వాక్యం: '310 బస్తాలు సరిగా ముట్టాయి', కింద ముద్ర. బస్తా ఒక్కటీ తగ్గలేదు. మిల్లువారు 290 కిలోల డబ్బు మీ దగ్గర పట్టి ఉంటే, బంకు రసీదు, ఖాళీ తూకం చీటీల నకళ్లు వారికి చూపండి. మా కిరాయిలో మాత్రం కోత పెట్టవద్దు. ఖాళీ తూకం ముందు డీజిలు పోయించడం మా డ్రైవరు తప్పే. ఇకపై దించిన వెంటనే కాటా, తర్వాతే బంకు అని ఇద్దరు డ్రైవర్లకూ చెప్పాను. ఆ బయటి కాటాకు కట్టిన డబ్బు ఈ బిల్లులో వేయలేదు.

హాల్టింగ్ రూ. 750 ఈ రసీదు మీదే ఉంది. బండి నాలుగో తేదీ ఉదయం 6 గంటలకు మిల్లు గేటుకు చేరింది. ఐదో తేదీ సాయంత్రం 5కు దింపడం ముగిసింది. మొత్తం 35 గంటలు. 24 గంటలు ఉచితం, మిగిలిన 11 గంటలకు సగం రోజు పట్టాం. గేటు పుస్తకంలో చేరిన సమయం ఉంది.

ఈ లోడుకే మీరు 330 బస్తాలు వేయమన్నారు, మేం 310 దగ్గర ఆపేశాం. పది టైర్ల బండి లోడుతో కలిపి 28,500 కిలోలు దాటకూడదు. 310కే 28,210 వచ్చింది. ఇంకో ఇరవై బస్తాలు వేస్తే తొమ్మిది వందల కిలోలు పైకి పోయేది. పట్టుబడితే జరిమానా 20,000 నుంచి మొదలవుతుంది, పైన అదనపు టన్నుకు 2,000 చొప్పున. ఆ ఇరవై బస్తాల కిరాయి పద్నాలుగు వందలు కూడా రాదు.

హమాలీ, కాటా

మొక్కజొన్నకు ఎత్తుడు కూలి బస్తాకు రూ. 6. మీ గోదాము దగ్గర మేస్త్రికి మేమే ఇచ్చాం. 300 బస్తాలకు 1,800, 310కి 1,860. మిల్లులో దింపుడు కూలి మిల్లువారిదే, అది మన లెక్కలోకి రాదు. ఇనుముకు యార్డులో క్రేను ఖర్చు వారి ఇన్వాయిసులోనే కలిసింది. ఇక్కడ దింపడానికి టన్నుకు రూ. 160 చొప్పున 16.420 టన్నులకు 2,627.20 అయింది.

మేస్త్రి చీటీలు ఒడియా అంకెల్లో ఉన్నాయి, పక్కన మన అంకెలు నేను రాశాను. ఒడియా ఒకటి మన తొమ్మిదిలా కనబడుతుంది. కిందటి నెల మీ కుర్రవాడు 310ని 390 అని చదివి పెద్ద గొడవ చేశాడు. ఈసారి ఆ శ్రమ లేకుండా ఎర్ర ఇంకుతో గుండ్రం చుట్టాను.

కాటా చార్జి లోడింగ్ కాటాకే, బండికి 150. ఇనుముకు యార్డు కాటా వాడాం, డబ్బు తీసుకోలేదు. అది ఇక్కడికి చేరాక మీ ఎదురుగా తూచినప్పుడు 16,400 వచ్చింది. ఆ కాటా పదేసి కిలోల మెట్లలో చూపుతుంది, 20 కిలోలను తేడాగా ఎవరూ రాయరు.

రేటు

టన్ను రేటులోనే డీజిలు, డ్రైవరు బత్తా, టోల్, టార్పాలిను కలిసి ఉన్నాయి. వేటికీ విడిగా వేయలేదు. ఇనుముకు 1,050 వేసింది తిరుగు లోడు కాబట్టి. ఎదురు లోడు లేని రోజున అదే దూరానికి ఆ రేటు గిట్టదు.

పన్ను

మొక్కజొన్న ఆహార ధాన్యం కాబట్టి దాని రవాణాకు జీఎస్టీ మినహాయింపు ఉంది. 3121, 3124లకు పన్ను సున్నా. ఇనుము రవాణాకు 5 శాతం ఉంటుంది. అది రివర్స్ చార్జి కింద మీరే కట్టాలి, మేం బిల్లులో వసూలు చేయడం లేదు. దింపుడు కూలి మా సేవలో భాగమే కాబట్టి రూ. 19,918.20 మొత్తం మీద లెక్క. కేంద్ర పన్ను రూ. 497.96, రాష్ట్ర పన్ను రూ. 497.96. బండి ఆంధ్ర నుంచి వచ్చింది కదా, ఐజీఎస్టీ కాదా అని మీ ఆడిటరు అడగవచ్చు. రిజిస్టరైన వ్యాపారికి సరుకు రవాణా చేస్తే సేవ జరిగిన చోటు ఆ వ్యాపారి ఉన్న రాష్ట్రమే. మనమిద్దరం ఒడిశాలో ఉన్నాం, అందుకే రెండు భాగాలు. ఇనుము ఈ-వే బిల్లు గడువు ముగియకముందే బండి మీ కొట్టుకు చేరింది.

ఆదాయపు పన్ను కోత వద్దు. మాకు ఉన్నవి రెండు లారీలే. పది దాటని వారు పాన్‌తో డిక్లరేషను ఇస్తే 194సి కింద కోత లేదు. ఆ కాగితం బిల్లుకు కుట్టి ఉంది.

చెల్లింపు

బాకీ రూ. 49,209 ఈ నెల 30వ తేదీ లోపల ఇవ్వగలరు. ఎప్పుడూ వేసే ఖాతాకే వేయండి, ఖాతా మారలేదు. మారిందని ఫోనులో ఎవరు చెప్పినా ముందు ఆఫీసుకు మనిషిని పంపండి. డబ్బు వేసేటప్పుడు బిల్లు నంబరు 147 రాయండి, లేదంటే పాత బాకీలో జమ అవుతుంది.

అంకెల్లో అభ్యంతరం ఉంటే వారం లోపల రసీదు నంబరుతో రాసి పంపండి. సరుకు నష్టం మీద దావా వేయాలంటే బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లో రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలని 2007 నాటి రోడ్డు రవాణా చట్టం చెబుతుంది. తగవు వస్తే గుణుపురం కోర్టు పరిధి.

జతచేసినవి: చేరిన సంతకాలతో లారీ రసీదు నకళ్లు 3, లోడింగ్ కాటా చీటీలు 3, అనకాపల్లి కాటా చీటీలు 3 (3121కి ఒకటి, 3124కి లోడుది, ఖాళీది), బంకు రసీదు 1, మేస్త్రి చీటీలు 3, ఈ-వే బిల్లు 1, పాన్ డిక్లరేషను 1.

లెక్క రాసినది: ఆదినారాయణ, గుమాస్తా
సరిచూసి సంతకం చేసినది: లారీల యజమాని, గుణుపురం